మా అత్త గోలీలు, పిట్యూటరీ లెక్కలు

మా మేనత్తది నర్సంపేట దగ్గర ఊరు. థైరాయిడ్ గ్రంథి సరిగా పని చెయ్యక పదకొండేళ్లుగా థైరాక్సిన్ వేసుకుంటోంది, రోజుకు 100 మైక్రోగ్రాములు. ఆమె భాషలో అది "పొద్దుగాల గోలి". పోయిన ఏడు పత్తి ఏరే రోజుల్లో కూలీలు దొరక్క తనే చేనుకు పోవడం మొదలుపెట్టింది. చీకటితోనే లేచి సద్ది కట్టుకుని పోయే హడావుడిలో గోలి సంగతి మరిచిపోయింది. ఒకటి రెండు రోజులు కాదు, నాలుగు వారాలు. తర్వాత నేను పండక్కి వస్తున్నానని తెలిసి మళ్లీ మొదలుపెట్టింది. "నువ్వొచ్చి రిపోర్టు చూసి తిడ్తవని భయమైంది బిడ్డా, ఒక్కనాడు గూడ తప్పలే" అని తర్వాత చెప్పింది.

అలా పది రోజులు వేసుకుని, పదకొండో రోజు పొద్దున కూడా గోలి మింగి, రెండు గంటల తర్వాత రక్తం ఇచ్చింది. రిపోర్టులో థైరాయిడ్‌ని పని చేయించే పిట్యూటరీ హార్మోన్ టీఎస్‌హెచ్ 22. టీ4 అంటే థైరాక్సినే, రక్తంలో విడిగా తిరిగే ఫ్రీ టీ4 1.2. ఆ ల్యాబు కాగితం మీద టీఎస్‌హెచ్ నార్మల్ 0.4 నుంచి 4.0, ఫ్రీ టీ4 నార్మల్ 0.8 నుంచి 1.8. నేను ఊరికి చేరేలోపే ఆమె ఆ కాగితం పట్టుకుని క్లినిక్‌కి పోయింది. అక్కడి డాక్టరు 22 చూశారు, డోసు 150 చేశారు. పదకొండేళ్లు నూరుతో గడిచిన మనిషికి ఉన్నట్టుండి ఎందుకు చాలకుండా పోయిందని అడగలేదు. మా అత్త కూడా చెప్పలేదు. నేను పండగ రెండు రోజులూ తిని పడుకుని వచ్చాను కానీ రిపోర్టు అడగలేదు, ఆ తప్పు నాది.

మూడు వారాలకు మళ్లీ పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ 3.8. "సెట్ అయింది, ఇదే డోసు వాడండి" అన్నారు. ఇంకో ఏడు వారాలకు నాకు ఫోన్ వచ్చింది. గుండె దడ, చేతులు వణుకు, రాత్రి నిద్ర లేదు, తిన్నది ఒంటికి పట్టడం లేదు. పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ 0.03.

నేను మెడికల్ పిల్లలకు ఫిజియాలజీ చెబుతాను. ఎండోక్రైన్ క్లాసు మొదలయ్యే రోజున ఇప్పుడు ఈ మూడు అంకెల్నీ, 22, 3.8, 0.03, బోర్డు మీద రాస్తున్నాను. ఏం జరిగిందో చెప్పమంటే ఫస్టియర్ పిల్లలు వెంటనే నోట్సులోని బొమ్మ గీస్తారు. పైన మెదడులోని హైపోథలామస్, కింద పిట్యూటరీ గ్రంథి, దాని కింద థైరాయిడ్. టీఆర్‌హెచ్, టీఎస్‌హెచ్, టీ4 అని కిందికి మూడు బాణాలు, అక్కడి నుంచి పైకి మైనస్ గుర్తుతో వంకర బాణం. "టీ4 పెరిగితే టీఎస్‌హెచ్ తగ్గుతుంది, టీ4 తగ్గితే టీఎస్‌హెచ్ పెరుగుతుంది మేడం, నెగటివ్ ఫీడ్‌బ్యాక్." వైవాలో దీనికి మార్కులు పడతాయి. మరి మొదటి రిపోర్టులో టీ4 నార్మల్‌గా ఉండగా టీఎస్‌హెచ్ 22 ఎందుకుంది? ఆ బొమ్మ ప్రకారం అది కుదరదు. క్లాసు నిశ్శబ్దమవుతుంది.

నా వాదన ఇంతే. ఆ బొమ్మ తప్పు కాదు, కానీ అందులో రెండు విషయాలు లేవు. ఏ పనికి ఎంత కాలం పడుతుందో అందులో లేదు. కొలిచేది ఎవరు, దేన్ని కొలుస్తున్నారు అన్నది కూడా లేదు. ఈ రెండూ లేకుండా నేర్చుకున్నవాళ్లే రేపు 22 చూసి 150 రాస్తారు.

ముందు ఆ మూడు బాణాల సంగతి తొందరగా ముగిద్దాం. హైపోథలామస్‌లోని పారావెంట్రిక్యులర్ న్యూక్లియస్‌లో ఉండే నాడీకణాలు టీఆర్‌హెచ్‌ని తయారుచేస్తాయి. మూడంటే మూడే అమైనో ఆమ్లాల ముక్క అది. దాని నిర్మాణం 1969లో తేలింది. గియామిన్ బృందం గొర్రెల మెదళ్ల నుంచి, షాలీ బృందం పందుల మెదళ్ల నుంచి, లక్షల కొద్దీ హైపోథలామస్‌లు పోగేసి, పోటీపడి సాధించిన పని. 1977లో వాళ్లిద్దరికీ నోబెల్ వచ్చింది. అదే ఏడాది అదే బహుమతిలో సగం రోజలిన్ యాలోకి దక్కింది. రక్తంలో ఇంత తక్కువగా ఉండే హార్మోన్లను కొలిచే రేడియో ఇమ్యునో అస్సే పద్ధతి ఆమెది. ఆ పద్ధతి పుట్టకపోతే మా అత్త చేతిలో ఆ కాగితమూ ఉండేది కాదు.

ఈ టీఆర్‌హెచ్ హైపోథలామస్ అడుగున ఉండే మీడియన్ ఎమినెన్స్ దగ్గర సన్నటి రక్తనాళాల్లోకి దిగి, పోర్టల్ సిరల గుండా నేరుగా ముందరి పిట్యూటరీకి చేరుతుంది. ఒళ్లంతా తిరిగి రావాల్సిన పని లేదు కాబట్టి చాలా కొద్ది మొత్తం సరిపోతుంది. పిట్యూటరీలోని థైరోట్రోఫ్ కణాలు టీఎస్‌హెచ్‌ని విడుదల చేస్తాయి. టీఎస్‌హెచ్ థైరాయిడ్‌కి పోయి, అయోడిన్ పట్టుకోవడం దగ్గర్నుంచి హార్మోన్‌ని రక్తంలోకి వదలడం దాకా ప్రతి మెట్టునూ వేగం చేస్తుంది. ఎక్కువ కాలం తగులుతూ ఉంటే గ్రంథినే పెంచుతుంది. గొంతు దగ్గర వాపు వచ్చే దారుల్లో అదొకటి.

ఇక్కడి నుంచి మా వైపు పోలిక ఒకటి వాడతాను. పుస్తకాల్లో ఏసీ, థర్మోస్టాట్ అని ఉంటుంది, నాకది నచ్చదు. ఏసీ గది పది నిమిషాల్లో చల్లబడుతుంది, థైరాయిడ్ వ్యవహారం అలా ఉండదు. పాకాల చెరువు కింద వరి వేసే ఊళ్లను తలుచుకోండి. చెరువు, దానికి తూము, తూము ఎత్తి దించే నీరటి, కింద పొలాలు. థైరాయిడ్ గ్రంథి చెరువు. అందులో కొల్లాయిడ్ అనే జిగురు రూపంలో రెండు మూడు నెలలకు సరిపడా హార్మోన్ నిలవ ఉంటుంది. పిట్యూటరీ నీరటి. టీఎస్‌హెచ్ అంటే అతను తూము ఎంత ఎత్తాడు అన్న లెక్క. హైపోథలామస్ ఊరి పెద్దమనిషి, ఈ కారు ఎంత నీళ్లు పారాలో చెప్పేది ఆయన. తూము ఎత్తిన రోజే చివరి మడి తడవదు. దించిన రోజే ఎండిపోదు.

ఇప్పుడు కాలం లెక్క. రక్తంలో టీ4 పదివేల అణువులు ఉంటే రెండో మూడో మాత్రమే విడిగా తిరుగుతాయి, మిగతావన్నీ ప్రొటీన్లకు అతుక్కుని ఉంటాయి. అందుకే టీ4 తొందరగా తరగదు. దాని అర్ధాయువు దాదాపు ఏడు రోజులు. టీ4లో ఒక అయోడిన్ తీసేస్తే వచ్చే టీ3ది ఒక రోజు. టీఎస్‌హెచ్‌ది గంట, అటూ ఇటూ. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి మా అత్త నెల రోజుల్ని లెక్కగడదాం.

నూరు మైక్రోగ్రాముల మీద కుదురుగా ఉన్నప్పుడు ఆమె ఫ్రీ టీ4 1.3 అనుకుందాం. ఆమె గ్రంథి పూర్తిగా చచ్చిపోలేదు, గోలి అసలు లేకపోయినా 0.4 దాకా తనంతట తాను ఇవ్వగలదనుకుందాం. అంటే గోలి వల్ల వచ్చేది 0.9. గోలి ఆపాక ఈ 0.9 వారానికి సగం చొప్పున తరుగుతుంది. మొదటి వారానికి 0.45, రెండుకి 0.23, మూడుకి 0.11, నాలుగో వారానికి 0.06. నెల తిరిగేసరికి ఆమె ఫ్రీ టీ4 0.46. పత్తి చేల్లో ఒళ్లు బరువెక్కింది, కాళ్లు లాగుతున్నయి అని ఆమె అనుకున్నది చేనుపని వల్ల మాత్రమే కాదు.

మళ్లీ మొదలుపెట్టింది. ఇప్పుడు లోటు 0.84. ఇదీ అదే చొప్పున, వారానికి సగం పూడుతుంది. పది రోజులంటే ఒకటిన్నర అర్ధాయువుల కంటే కొద్దిగా తక్కువ, లోటులో మూడింట రెండు వంతులకు దగ్గరగా పూడుతుంది. లెక్క వేస్తే ఫ్రీ టీ4 1.0. పైగా ఆ పొద్దున గోలి మింగి రెండు గంటలకు రక్తం ఇచ్చింది. మింగిన రెండు నుంచి నాలుగు గంటల్లో ఫ్రీ టీ4 పదిహేను ఇరవై శాతం పైకి లేస్తుంది. అలా 1.2. రిపోర్టులో కనిపించింది అదే. నేను వేసిన 1.3, 0.4 ఊహించుకున్న అంకెలే, కానీ లెక్క తీరు మారదు. నాలుగు వారాలు గోలి ముట్టని మనిషి పది రోజుల్లో "నార్మల్" టీ4 తెచ్చుకోగలదు.

మరి టీఎస్‌హెచ్ 22 దగ్గరే ఎందుకు ఆగింది? ఇక్కడ ఒక తెలివైన పిల్ల లేచి అడుగుతుంది, ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరుంటారు. "టీఎస్‌హెచ్ అర్ధాయువు గంటే కదా మేడం, టీ4 పెరగ్గానే అది ముందు పడిపోవాలి కదా?" మంచి ప్రశ్న. రక్తంలో ఉన్న టీఎస్‌హెచ్ గంటలో సగమవుతుంది, నిజమే. కానీ తయారుచేసే కార్ఖానా గంటలో మూతపడదు. నెల రోజులు టీ4 తక్కువైనప్పుడు పిట్యూటరీలో థైరోట్రోఫ్ కణాలు పెద్దవవుతాయి, సంఖ్యలోనూ పెరుగుతాయి. టీఎస్‌హెచ్ జీన్ల పని జోరందుకుంటుంది. పైన హైపోథలామస్‌లో టీఆర్‌హెచ్ తయారీ కూడా పెరిగి ఉంటుంది. టీ4 తిరిగి వచ్చాక తగ్గడం కొద్ది గంటల్లోనే మొదలవుతుంది. కానీ పెరిగిన కణాలు తగ్గి, జీన్లు నెమ్మదించి, పాత స్థితికి కుదురుకోవడానికి వారాలు పడుతుంది. నెల రోజులు నీళ్లు రాక ఊరంతా గొడవ చేస్తే నీరటి తూము మొత్తం ఎత్తేశాడు. నిన్న వాన పడిందని ఇవాళే దించడు, మడులన్నీ తడిశాయని నమ్మకం కుదిరేదాకా చూస్తాడు.

అంటే ఆ రోజు కాగితం మీద ఉన్న రెండు అంకెలు ఒకే రోజు గురించి మాట్లాడటం లేదు. ఫ్రీ టీ4 1.2 అన్నది ఆ పది రోజుల మాట, ఆ పొద్దుటి గోలి మాట కూడా. టీఎస్‌హెచ్ 22 అన్నది అంతకుముందు నెల రోజుల మాట. టీఎస్‌హెచ్ బాగా ఎక్కువ, టీ4 నార్మల్ లేదా నార్మల్ పై అంచు దగ్గర, మందు వాడే మనిషి. ఈ మూడూ కలిసి కనబడితే డోసు ముట్టుకునే ముందు ఒక్క ప్రశ్న వెయ్యాలి. "గోలీలు ఎప్పుడన్నా తప్పినయా?" నిందించినట్టు కాకుండా, మామూలుగా అడగాలి. తిట్లు తినాల్సి వస్తుందని తెలిస్తే ఎవరూ నిజం చెప్పరు.

మిగతా రెండు అంకెల సంగతి ఇప్పుడు దానంతట అదే తేలిపోతుంది. 150 మొదలైన మూడు వారాలకు వచ్చిన 3.8 "సెట్ అయిన" అంకె కాదు. హనుమకొండ చౌరస్తాలో ఆగకుండా పోయే ఎక్స్‌ప్రెస్ బస్సును సరిగ్గా చౌరస్తాలో ఉన్నప్పుడు ఫోటో తీస్తే అది అక్కడే ఆగిందనిపిస్తుంది. టీఎస్‌హెచ్ 22 నుంచి కిందికి దిగుతూ 3.8 దగ్గర కనబడింది, దిగడం ఆగలేదు, 0.03 దాకా పోయింది. ఏ డోసు మార్చినా టీ4 కొత్త మట్టానికి చేరడానికి అయిదు అర్ధాయువులు, అంటే దాదాపు అయిదు వారాలు కావాలి. ఆ పైన పిట్యూటరీ కుదురుకోవడానికి ఇంకొంత. డోసు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ చూడమని చెప్పేది అందుకే. ఆరు వారాల నియమాన్ని ఫార్మకాలజీలో బట్టీ పట్టిస్తారు, కానీ దాని పుట్టుక ఈ ఫీడ్‌బ్యాక్ పాఠంలోనే ఉంది.

ఇదే ఆలస్యం ఎదురు దిశలోనూ ఉంటుంది. గ్రేవ్స్ వ్యాధితో నెలల తరబడి టీ4 ఎక్కువగా ఉన్న మనిషికి మందులిచ్చి టీ4ను నార్మల్‌కి తెచ్చినా టీఎస్‌హెచ్ వారాలు, ఒక్కోసారి నెలలు లేవదు. అణిగిపోయిన థైరోట్రోఫ్‌లు మేలుకోవాలి కదా. ఆ సమయంలో టీఎస్‌హెచ్ ఇంకా సున్నా దగ్గరే ఉందని మందు పెంచుకుంటూ పోతే మనిషి అటు నుంచి ఇటు పడతాడు. అప్పుడు చూడాల్సింది టీ4, టీ3.

ఇక రెండో సంగతి, కొలిచేది ఎవరు అన్నది. ఇందులో చాలా పుస్తకాల బొమ్మలు ఒక చిన్న తెలివితక్కువ పని చేస్తాయి. "టీ3, టీ4" అని కలిపి రాసి పైకి బాణం గీస్తాయి. నిజానికి థైరోట్రోఫ్ కేంద్రకంలో పని చేసేది టీ3. అక్కడ బీటా2 రకం రిసెప్టర్‌కి అతుక్కుని టీఎస్‌హెచ్ జీన్ల నోరు నొక్కుతుంది. కానీ ఆ టీ3లో పెద్ద భాగం రక్తంలోంచి వచ్చింది కాదు. పిట్యూటరీ కణం రక్తంలోని టీ4ని లోపలికి తీసుకుని, రెండో రకం డిఅయోడినేజ్ అనే ఎంజైముతో ఒక అయోడిన్ తీసేసి, తన టీ3ని తనే చేసుకుంటుంది. నీరటి పొలాలన్నీ తిరిగి చూడడు. తూము పక్కనే ఉన్న తన మడిలో కాలు పెట్టి, తడి చూసి, దాన్ని బట్టి తూము ఎత్తుతాడు. అతని మడికి వచ్చే నీరు టీ4.

దీని వల్ల ఏమవుతుందో థైరాయిడ్ మెల్లగా దెబ్బతింటున్న మనిషిలో చూడొచ్చు. మొదట టీ4 కొద్దిగా తగ్గుతుంది. రక్తంలో టీ3 మాత్రం మామూలుగానే ఉంటుంది, ఎందుకంటే పెరిగిన టీఎస్‌హెచ్ థైరాయిడ్ చేత టీ3 ఎక్కువ పాళ్లలో చేయిస్తుంది, బయటి కణజాలాలు కూడా టీ4ని మరింత పొదుపుగా టీ3గా మార్చుకుంటాయి. ఒళ్లంతటికీ టీ3 సరిపోతున్నా పిట్యూటరీ మాత్రం టీ4 తగ్గిన సంగతి పసిగట్టి గొంతు పెంచేస్తుంది. హైపోథైరాయిడ్ అనుమానం ఉన్నప్పుడు టీ3 పరీక్ష రాయడం డబ్బు దండగ అని నేను పోరేది అందుకే. అది అన్నింటికన్నా ఆఖరున పడిపోయే అంకె. మన దగ్గర "టీ3, టీ4, టీఎస్‌హెచ్" అని మూడూ కట్టగట్టి రాసే అలవాటు పోవడం లేదు.

ఈ నీరటి చెయ్యి బరువు మనిషి. అంగుళం తడి తగ్గితే గజం ఎత్తు లేపుతాడు. ఫ్రీ టీ4 సగానికి పడితే టీఎస్‌హెచ్ దాదాపు వంద రెట్లు పెరుగుతుందని పుస్తకాల్లో రాస్తారు. మధ్యలో, నార్మల్ పరిధి దగ్గర, వాలు అంత నిటారుగా ఉండదు కానీ గుణకారం లెక్కే తప్ప కూడిక లెక్క కాదు. ఒకామెకు సహజంగా ఫ్రీ టీ4 1.4, టీఎస్‌హెచ్ 1.5 అనుకోండి. గ్రంథి దెబ్బతిని ఫ్రీ టీ4 1.0కి దిగింది. ల్యాబు పరిధి 0.8 నుంచి కాబట్టి 1.0 నార్మలే. కానీ అది ఊరందరి పరిధి. ఒక్కో మనిషి తన సొంత సన్నటి పరిధిలోనే ఏళ్ల తరబడి తిరుగుతుంటాడు. ఆమె పిట్యూటరీకి 1.4 తెలుసు, ల్యాబు పరిధి తెలియదు. టీఎస్‌హెచ్ ఏ ఎనిమిదికో చేరుతుంది. సబ్‌క్లినికల్ హైపోథైరాయిడిజం అని మనం పేరు పెట్టేది ఈ పరిస్థితికే. పేరు చూసి అదేదో వేరే జబ్బనుకోకండి, ఫీడ్‌బ్యాక్ వాలు నిటారుగా ఉండటం వల్ల మనకు ముందే అందే కబురు అది.

టీఎస్‌హెచ్ ఇంత సున్నితం కాబట్టే మొదటి పరీక్షగా దాన్ని పెట్టుకున్నాం. సరే. కానీ ఆ సున్నితం అంతా నీరటి బతికి, బాగుండి, పని చేస్తున్నంత కాలమే. అతనికే జబ్బు చేస్తే?

నేను హౌస్‌సర్జన్సీ చేసే రోజుల్లో చూసిన కేసు ఒకటి ఇప్పటికీ కళ్లముందు ఉంది. ముప్పై దాటిన మనిషి, ములుగు వైపు పల్లె. రెండేళ్లుగా నీరసం. చలి తట్టుకోలేదు, మార్చి నెలలో చెద్దరు కప్పుకుని కూర్చుంది. ముఖం పాలిపోయి, చర్మం మెత్తగా, ముడతలు సన్నగా. రెండు చోట్ల థైరాయిడ్ పరీక్ష చేసి "థైరాయిడ్ మంచిగనే ఉంది" అని పంపించారు. రెండు కాగితాల మీదా ఒక్క టీఎస్‌హెచ్చే ఉంది, ఒకదానిలో 2.1. రక్తం లేదని ఐరన్ గోలీలు రాశారు.

మా మేడం ఆ కాగితాలు పక్కన పెట్టి, మంచం అంచున కూర్చుని అడిగారు. "చిన్నోడు పుట్టినంక పాలు పడ్డయా అమ్మా?" పడలేదంది. కాన్పులో నెత్తురు చాలా పోయిందని, రెండు సీసాలు ఎక్కించారని చెప్పింది. తర్వాత బయటుండటం మళ్లీ రాలేదు. పిల్లాడికి పాలు లేవని అత్తగారు అన్న మాటలన్నీ చెప్పి ఏడ్చింది. నేనప్పుడు కేస్‌షీటులో "ప్రసవం: మామూలు" అని రాసి పెట్టి ఉన్నాను.

కడుపుతో ఉన్నప్పుడు తల్లి ముందరి పిట్యూటరీ బాగా పెరుగుతుంది. దానికి రక్తం వచ్చేది ఎక్కువగా ఆ పోర్టల్ సిరల నుంచి, అక్కడ ఒత్తిడి తక్కువ. కాన్పులో రక్తస్రావమై బీపీ పడిపోతే ముందుగా అన్యాయమయ్యేది అదే, కణాలు చచ్చిపోతాయి. షీహాన్ సిండ్రోమ్ అంటారు. ఆమె ఫ్రీ టీ4 చేయిస్తే 0.4. ఇప్పుడు 2.1ని మళ్లీ చూడండి. ఫ్రీ టీ4 0.4 ఉన్నప్పుడు బాగున్న పిట్యూటరీ ఏం చెయ్యాలి? యాభయ్యో నూరో అని అరవాలి. అది 2.1 అని గొణిగింది. అంకె నార్మల్, ఆ పరిస్థితికి ఆ జవాబు నార్మల్ కాదు. పైగా ఇలాంటి చోట వచ్చే టీఎస్‌హెచ్‌కి చక్కెర గొలుసులు సరిగా అతకవు. ల్యాబు కిట్టు దాన్ని లెక్కపెడుతుంది, థైరాయిడ్ మీద మాత్రం దాని ప్రతాపం చూపదు. అందుకే ఈ జబ్బులో టీఎస్‌హెచ్ తక్కువగానో, నార్మల్‌గానో, ఒక్కోసారి కాస్త ఎక్కువగానో కూడా కనిపించి మోసం చేస్తుంది.

ఆమెకు థైరాక్సిన్ వెంటనే మొదలుపెట్టలేదు. మేడం ముందు అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే కార్టిసాల్ పొద్దున ఎంతుందో పరీక్ష చేయించారు, అది అడుగంటి ఉంది. పిట్యూటరీ చచ్చిపోయినప్పుడు కార్టిసాల్ చేయించే ఏసీటీహెచ్ కూడా పోతుంది. థైరాక్సిన్ ఇస్తే ఒంట్లో కార్టిసాల్ ఖర్చు పెరుగుతుంది, ఉన్న కొంచెమూ తొందరగా కరిగిపోతుంది, మనిషి షాక్‌లోకి పోవచ్చు. కాబట్టి ముందు కార్టిసాల్ లోటు పూడ్చే హైడ్రోకార్టిసోన్, ఆ తర్వాతే థైరాక్సిన్. ఆ తర్వాత డోసు సరిపోయిందా లేదా అన్నది టీఎస్‌హెచ్‌తో ఎప్పటికీ తేల్చరు, ఫ్రీ టీ4తోనే. నీరటి లేని ఊళ్లో తూము ఎత్తు చూసి పంట ఎలా ఉందో చెప్పలేం.

పెద్దమనిషి గురించి రెండు మాటలు చెప్పి ముగిస్తాను. చాలామంది పిల్లలు హైపోథలామస్‌ని ఉత్త పై గడిలా గీసి వదిలేస్తారు. టీ3 దాని మీదా పని చేసి టీఆర్‌హెచ్‌ని తగ్గిస్తుంది, అంత వరకు పిట్యూటరీ లాంటిదే. కానీ ఆయన పని ఎంత తడి ఉండాలో నిర్ణయించడం, ఆ నిర్ణయం పరిస్థితిని బట్టి మారుతుంది. పుట్టిన పసిబిడ్డకు చల్లటి గాలి తగలగానే టీఎస్‌హెచ్ అరగంటలో అరవై దాకా, అంతకు పైకీ లేస్తుంది. బిడ్డకు థైరాయిడ్ లోపం ఉందో లేదో చూసే పరీక్షకి మొదటి రోజు రక్తం తీస్తే లేని జబ్బు ఉన్నట్టు కనబడేది ఇందుకే. వీలైతే రెండు రోజులు ఆగుతారు. ఇంకో వైపు, ఎన్నో రోజులు తిండి లేని మనిషిలో, ఐసీయూలో పడున్న మనిషిలో, పెద్దమనిషే "ఈ కారు తక్కువ పారించండి" అంటాడు. టీ3 పడిపోతుంది, టీ4 కూడా పడవచ్చు, టీఎస్‌హెచ్ మాత్రం లేవదు. అక్కడ ఫీడ్‌బ్యాక్ చెడిపోలేదు, లక్ష్యమే కిందికి జరిగింది. వెంటిలేటర్ మీద ఉన్న మనిషికి గట్టి అనుమానం లేకుండా థైరాయిడ్ పరీక్షలు పంపితే అర్థం కాని అంకెలు వస్తాయి, వాటికి మందులిచ్చేవాళ్లు కూడా ఉంటారు.

మా అత్త సంగతికొస్తే, 0.03 చూశాక డోసును 75కి దించమని ఆ క్లినిక్‌లో అన్నారట. వద్దని నేను పట్టుబట్టాను. పదకొండేళ్లు ఆమెకు సరిపోయిన డోసు తెలుసు, 22 ఎందుకు వచ్చిందో ఇప్పుడు తెలిసింది, ఇక 75తో మళ్లీ కొత్త ఊగులాట ఎందుకు? మా దగ్గర ఫిజీషియన్ సారుకు అన్ని రిపోర్టులూ చూపించి మళ్లీ నూరుకే తెచ్చాం. దడ రెండు వారాల్లో తగ్గింది. మధ్యలో పరీక్ష చేయించనివ్వలేదు, మూడుసార్లు ఫోన్ చేసి అడిగినా. ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ 2.6, ఫ్రీ టీ4 1.3.

రక్తం ఇవ్వడానికి పోయే ముందు రోజు రాత్రి ఫోన్ చేసింది. "రేపు పొద్దుగాల గోలి ఏసుకొని పోవాల్నా, పోయొచ్చినంక ఏసుకోవాల్నా?"

"పోయొచ్చినంక అత్తా."

"మరి పోయినసారి ఏసుకొనే పోతిని గద. అప్పుడు ఎవలూ చెప్పకపోతిరి."